28 నెలలకోసారి తిరగబడే గాలి

1883 ఆగస్టు 27న జావా, సుమత్రాల మధ్య సముద్రంలో క్రాకటోవా అగ్నిపర్వతం బద్దలైంది. దాని బూడిద, పొగ మేఘాలను దాటి స్ట్రాటో ఆవరణం దాకా ఎగసిపోయాయి. తర్వాతి రోజుల్లో భూమధ్యరేఖకు అటూ ఇటూ ఉన్న ఊళ్ళలో, ఓడల మీద ఉన్నవాళ్ళు వింతలు చూశారు. సూర్యుడు ఆకుపచ్చగానో నీలంగానో కనిపించేవాడు. పొద్దుగుంకాక కూడా ఆకాశం చాలాసేపు ఎర్రగా కాలుతున్నట్టు ఉండేది. సెప్టెంబరులో మద్రాసులోనూ ఆకుపచ్చ సూర్యుణ్ణి చూశారు. హొనలులులో ఉంటున్న సెరెనో బిషప్ అనే క్రైస్తవ మతబోధకుడు ఈ దృశ్యాలు ఏ తేదీన ఎక్కడ కనిపించాయో పోల్చి చూసి, పొగ తూర్పు నుంచి పడమరకు సాగిపోతోందని చెప్పాడు. ఆ పొగ సుమారు 13 రోజుల్లో భూమిని ఒక చుట్టు చుట్టి వచ్చింది. 40,000 కిలోమీటర్లను 13 రోజులతో భాగిస్తే గంటకు దాదాపు 130 కిలోమీటర్లు. అంత ఎత్తున అంత వేగంతో తూర్పు గాలి వీస్తుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. దానికి ‘క్రాకటోవా తూర్పు గాలులు’ అని పేరు స్థిరపడింది.

పాతికేళ్ళ తర్వాత, 1908లో, ఆర్థర్ బెర్సన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు దగ్గర బెలూన్లు వదిలాడు. అవి కూడా భూమధ్యరేఖ మీదే, మేఘాలకు పైనే ఎగిరాయి. కానీ ఆయనకు దొరికింది పడమటి గాలి. దానికీ ‘బెర్సన్ పడమటి గాలులు’ అని పేరు పెట్టారు. ఆ తర్వాత దాదాపు అర్ధశతాబ్దం పాటు ఈ రెండు పరిశీలనలను ఎలా కలపాలో తెలియక, తూర్పు గాలుల మధ్య ఎక్కడో సన్నని పడమటి గాలిపాయ ఒకటి ఉందని బొమ్మలు గీస్తూ వచ్చారు. నిజానికి ఇద్దరూ చూసింది ఒకే గాలిని, దాని రెండు వేర్వేరు దశలలో.

ఈ సంగతి బయటపడటానికి ఏళ్ళ తరబడి ఒకే చోటి నుంచి బెలూన్లు ఎగరేయాల్సి వచ్చింది. పసిఫిక్‌లో భూమధ్యరేఖకు దగ్గరగా కాంటన్ అనే చిన్న దీవి ఉంది. 1953 నుంచి అక్కడి బెలూన్ల లెక్కలు పోగుపడుతూ వచ్చాయి. 1960 ప్రాంతంలో అమెరికాలో రిచర్డ్ రీడ్, బ్రిటన్‌లో ఆర్. ఎ. ఎబ్డన్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా అలాంటి లెక్కలను ముందేసుకుని ఒకే విషయం గమనించారు. పైన ఏడాదికి పైగా తూర్పు గాలి వీస్తోంది. తర్వాత అది పోయి అంతే కాలం పడమటి గాలి వీస్తోంది. మళ్ళీ తూర్పు. సగటున 28 నెలలకు ఒక చుట్టు పూర్తవుతోంది. సరిగ్గా రెండేళ్ళు కాదు కాబట్టి దీనికి ‘క్వాసీ బైయెన్నియల్ ఆసిలేషన్’ అన్న పేరు వచ్చింది. రమారమి రెండేళ్ళ ఊగిసలాట అని అర్థం. వాతావరణ శాస్త్రంలో అందరూ క్యూబీఓ అనేస్తారు.

పడమటి గాలి అంటే పడమర నుంచి వీచేది. మన ఊళ్ళలో ఆ మాట వినగానే ఎండాకాలపు వడగాలి గుర్తొస్తుంది గానీ ఇక్కడ మాట్లాడేది 16 నుంచి 40 కిలోమీటర్ల ఎత్తున, భూగోళమంతా చుట్టి ఉండే గాలిపట్టీ గురించి. ఇది భూమధ్యరేఖ మీద బలంగా ఉండి, ఇరువైపులా 15 డిగ్రీల అక్షాంశం చేరేసరికి చాలావరకు నీరసిస్తుంది. అందుకే తిరువనంతపురం మీద ఇది స్పష్టంగా కనిపిస్తుంది, హైదరాబాద్ మీద బాగా పలచబడి పోతుంది. తిరువనంతపురం పక్కనే ఉన్న తుంబా నుంచి 1970 తర్వాత రెండు దశాబ్దాలకు పైగా ఎగిరిన సోవియట్ ఎం-100 వాతావరణ రాకెట్లు బెలూన్లు అందుకోలేని ఎత్తుల్లోని గాలులను కూడా కొలిచాయి.

బెలూన్ పని తీరు చూస్తే ఈ గాలి ఎంత స్పష్టమైనదో తెలుస్తుంది. వాతావరణ బెలూన్ సెకనుకు సుమారు 5 మీటర్ల చొప్పున పైకి పోతుంది. అంటే ఒక కిలోమీటరు మందం దాటడానికి 200 సెకన్లు. ఆ పొరలో సెకనుకు 30 మీటర్ల తూర్పు గాలి ఉంటే, ఆ కొద్ది నిమిషాల్లోనే అది 6 కిలోమీటర్లు పడమరకు కొట్టుకుపోతుంది. ఇంకో నాలుగైదు కిలోమీటర్లు పైకి వెళ్ళాక పడమటి గాలి తగిలితే వచ్చిన దారినే తూర్పుకు మళ్ళుతుంది. ఇందులో లీలగా పసిగట్టాల్సిందేమీ లేదు. ఎవరు చూసినా కనిపించే మలుపు.

ఇక అసలు వింత. కొత్త గాలి ఎప్పుడూ పైనుంచే మొదలవుతుంది. 30 కిలోమీటర్లకు పైన పడమటి గాలి పుట్టి, నెలకు సుమారు ఒక కిలోమీటరు చొప్పున కిందికి దిగుతూ, కింద ఉన్న తూర్పు గాలిని నొక్కుకుంటూ వస్తుంది. 16, 17 కిలోమీటర్ల దగ్గరికి చేరేసరికి మాయమవుతుంది. ఈలోగా దాని నెత్తి మీద తూర్పు గాలి తయారై ఉంటుంది. అయితే ఉష్ణమండలంలో ఆ ఎత్తున గాలి మొత్తం మీద నెమ్మదిగా పైకి లేస్తూ ఉంటుంది. అంటే కిందికి దిగేది గాలి కాదు, గాలి వీచే తీరు. పైకి ఎక్కే గాలిలో కిందికి దిగే తీరు ఎలా పుడుతుందన్నదే 1960లలో అందరినీ తికమక పెట్టిన ప్రశ్న. రుతువులు దీనికి కారణం కావు, ఎందుకంటే ఇది పన్నెండు నెలల లెక్కకు లొంగదు. ఒక చుట్టు రెండేళ్ళ లోపే ముగియవచ్చు, ఇంకొకటి మూడేళ్ళ దాకా సాగవచ్చు.

1968లో రిచర్డ్ లిండ్జెన్, జేమ్స్ హోల్టన్ దీనికి జవాబు చెప్పారు. 1972లో దాన్ని సరిదిద్దారు. ఆ జవాబు కింద ఉన్న ఉరుముల మేఘాలతో మొదలవుతుంది. ఉష్ణమండలంలో పెద్ద మేఘాలు లేచి పడినప్పుడల్లా పైనున్న గాలి కుదుపుకు గురై అలలు పుడతాయి. చెరువులో రాయి పడితే అలలు అన్ని వైపులా పోయినట్టే, ఇవి కొన్ని తూర్పుకు, కొన్ని పడమరకు సాగుతూ పైకి ఎక్కుతాయి. ప్రతి అల తను సాగే దిక్కులో గాలిని తోయగల ఊపును మోసుకుపోతుంది. ఆ ఊపును ఎక్కడ దింపుతుందన్నదే కీలకం.

ఏరు ఎక్కడ నెమ్మదిస్తే అక్కడ ఇసుక మేట వేస్తుంది. అలల సంగతీ అంతే. తూర్పుకు సాగే అల పైకి పోతూ పోతూ, తన వేగానికి దగ్గరి వేగంతో అదే దిక్కుకు వీచే గాలిని తాకితే, దాని ఎక్కుడు బాగా మందగిస్తుంది. అక్కడే చాలాసేపు నిలిచి, నలిగి, మోసుకొచ్చిన ఊపునంతా అక్కడే దింపేస్తుంది. తూర్పుకు సాగే అల ఊపు పడేది పడమటి గాలి మీద. కాబట్టి పడమటి గాలి బలపడుతుంది. అల వచ్చేది కిందినుంచి గనుక మేట పడేది గాలిపొర అడుగున. అలా పొర అడుగు కిందికి, అలలు పుట్టే చోటి వైపు, పెరుగుతూ వస్తుంది. గాలి దిగకుండానే గాలి తీరు దిగడం అంటే ఇదే.

మరి ఎదురు దిక్కు అలలు? పడమరకు సాగే అలలకు ఈ పడమటి గాలి అడ్డు కాదు. అవి దాన్ని దాటుకుని పైకి పోయి, అక్కడ తమ ఊపు దింపి తూర్పు గాలిని తయారు చేస్తాయి. కింద పడమటి గాలిపొర సన్నబడి కరిగిపోయే దాకా తూర్పుకు సాగే అలలకు పైకి దారి ఉండదు. అది కరగగానే దారి తెరుచుకుంటుంది. పైన మళ్ళీ పడమటి గాలికి పునాది పడుతుంది. ఒక్కో గాలి తనకు తాను దారి మూసుకుని, ఎదుటిదానికి దారి వదిలి పోతోంది. మేఘాలు పంపే అలల్లో ఏ లయా లేకపోయినా, రెండు దిక్కులకూ ఎప్పుడూ సమానంగా వస్తున్నా, గాలి మాత్రం లయగా తిరగబడుతుంది.

ఈ మాటను నమ్మించడానికి 1978లో ఆస్ట్రేలియాలో అలన్ ప్లంబ్, ఆంగస్ మెక్‌ఈవన్ చేసిన ప్రయోగం కన్నా మంచిది లేదు. వాళ్ళు ఉంగరం ఆకారపు తొట్టిలో ఉప్పునీళ్ళు నింపారు. అడుగున ఉప్పు ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. తొట్టికి ఒక వైపు రబ్బరు పొర పెట్టి, దాన్ని పక్కపక్క ముక్కలుగా ఒకటి పైకి, ఒకటి కిందికి ఆడించారు. ఆ కదలికలో ఏ దిక్కుకూ మొగ్గు లేదు. అయినా కాసేపటికి తొట్టిలోని నీళ్ళు ఒక దిక్కుకు తిరగడం మొదలుపెట్టాయి. ఇంకాసేపటికి ఆగి ఎదురు దిక్కుకు తిరిగాయి. పొరను అలా ఆడిస్తున్నంతసేపూ ఈ మార్పు ఆగలేదు. ఆకాశంలో 28 నెలలు పట్టేది బల్ల మీది తొట్టిలో కళ్ళెదుటే జరిగింది.

ఇంత బాగా అర్థమైన గడియారం 2016 ఫిబ్రవరిలో తప్పింది. అప్పటికి పడమటి గాలి తన మామూలు దారిలో కిందికి దిగుతోంది. లెక్క ప్రకారం దాని పైనుంచి తూర్పు గాలి దిగాలి. దానికి బదులు పడమటి గాలిపొర నడిమధ్యలో, గాలి పీడనం 40 హెక్టోపాస్కళ్ళు ఉండే చోట, అంటే సుమారు 22 కిలోమీటర్ల ఎత్తున, తూర్పు గాలి మొలిచింది. పడమటి గాలి పైనా కిందా రెండు ముక్కలైంది. 1953 నుంచి ఉన్న రికార్డులో ఇలాంటిది ఒక్కసారి కూడా లేదు. అంతకు ముందు నవంబరులో కాలానుగుణ అంచనాలు వేసిన కంప్యూటర్ నమూనాలు పడమటి గాలి కొనసాగుతుందనే చెప్పాయి. వాటిని తప్పుపట్టడానికి లేదు. అరవై ఏళ్ళకు పైగా ఆ మాట నిజమవుతూనే వచ్చింది.

నేరం ఉరుముల అలలది కాదు. ఉత్తరార్ధగోళపు శీతాకాలంలో పర్వతాలు, ఖండాలూ సముద్రాల మధ్య వేడి తేడాలు పుట్టించే రాస్బీ అలలు అనే భారీ అలలు ఉంటాయి. మామూలుగా అవి మధ్య అక్షాంశాల్లోనే ఖర్చయిపోతాయి. ఆ ఏడాది అవి పక్కనుంచి భూమధ్యరేఖ దాకా చొచ్చుకొచ్చి, పడమర దిక్కు ఊపును నేరుగా పడమటి గాలి గుండెల్లో దింపాయి. అది బలమైన ఎల్‌నినో ఏడాది కూడా. అలలు అంత దూరం రావడంలో దాని వాటా ఉండి ఉంటుందని చాలామంది భావిస్తారు. కొన్ని నెలల్లో చుట్టు మళ్ళీ గాడిన పడింది. ఇది జీవితకాలంలో ఒకసారి జరిగే వింత అనుకుంటుండగానే 2019-20 శీతాకాలంలో రెండోసారి అదే జరిగింది. ఈసారి అలల దెబ్బలో దక్షిణార్ధగోళానిది పెద్ద పాత్ర. అరవై ఏళ్ళలో ఒక్కటీ లేక, నాలుగేళ్ళలో రెండు. దీన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయడం కష్టం. దిగువ స్ట్రాటో ఆవరణంలో ఈ గాలి బలం దశాబ్దాలుగా కొంత తగ్గుతూ వచ్చిందని లెక్కలు చెబుతున్నాయి. భూమి వేడెక్కితే ఉష్ణమండలంలో గాలి పైకి లేచే వేగం పెరిగి, ఈ ఊగిసలాట ఇంకా పలచబడుతుందని ఎక్కువ నమూనాల అంచనా. పలచని గాలిని పక్కనుంచి వచ్చే అలలు చీల్చడం తేలిక.

ఇంత ఎత్తున జరిగే దానితో కింద ఉన్న మనుషులకు ఏం పని? మొదటి జవాబు చలి దేశాల నుంచి వచ్చింది. 1980లో హోల్టన్, అప్పటి ఆయన విద్యార్థి సియు-చి టాన్ కలిసి ఉత్తర ధ్రువం మీది గాలిసుడిని పరిశీలించారు. శీతాకాలంలో ధ్రువం చుట్టూ స్ట్రాటో ఆవరణంలో బలమైన పడమటి గాలులు తిరుగుతూ, అక్కడి కరకు చలిని ఒక కంచెలా పట్టి ఉంచుతాయి. భూమధ్యరేఖ మీద 50 హెక్టోపాస్కళ్ళ దగ్గర, అంటే 22 కిలోమీటర్లకు కాస్త కింద, తూర్పు గాలి ఉన్న శీతాకాలాల్లో ఆ సుడి సగటున నీరసంగా ఉందని వాళ్ళు కనుక్కున్నారు. కారణం మళ్ళీ అలలే. రాస్బీ అలలు పడమటి గాలిలోనే సాగగలవు, తూర్పు గాలి వాటికి గోడ. భూమధ్యరేఖ దగ్గర తూర్పు గాలి ఉంటే గోడ ఉత్తరానికి జరుగుతుంది. అలలు దక్షిణానికి చెదిరిపోవడానికి చోటు తగ్గి, ఎక్కువ భాగం ధ్రువపు సుడి మీదికే మళ్ళుతాయి. దెబ్బ గట్టిగా తగిలితే కొద్ది రోజుల్లోనే ధ్రువం పైన గాలి 40, 50 డిగ్రీలు వేడెక్కి సుడి తిరగబడుతుంది. కంచె తెగాక, తర్వాతి వారాల్లో యూరప్, ఉత్తర ఆసియా, అమెరికా తూర్పు ప్రాంతాల మీదికి చలి ఒలికే అవకాశం పెరుగుతుంది.

2018 దీనికి పాఠంలాంటి ఉదాహరణ. ఆ శీతాకాలం భూమధ్యరేఖ మీద దిగువ స్ట్రాటో ఆవరణంలో తూర్పు గాలి ఉంది. ఫిబ్రవరి 12న ధ్రువపు సుడి తిరగబడింది. రెండు వారాలు గడిచాక సైబీరియా వైపు నుంచి వచ్చిన చలిగాలి బ్రిటన్‌ను, యూరప్‌లో చాలా భాగాన్ని మంచులో ముంచింది. లండన్‌లోనో డబ్లిన్‌లోనో ఉంటున్న తెలుగువాళ్ళకు ఆ ఫిబ్రవరి చివరి వారం ఇంకా గుర్తుండే ఉంటుంది. అయితే 2009 జనవరిని కూడా పక్కన పెట్టుకోవాలి. అప్పుడు భూమధ్యరేఖ మీద ఉన్నది పడమటి గాలి. నియమం ప్రకారం సుడి గట్టిగా ఉండాలి. కానీ జనవరి చివరి వారంలో అది నిలువునా రెండుగా చీలింది, అదీ రికార్డులో అతి బలమైన తిరుగుబాట్లలో ఒకటిగా. క్యూబీఓ చేసేది ఇంతే: పాచికను ఒక పక్కకు కొంచెం బరువెక్కిస్తుంది. ఏ అంకె పడుతుందో చెప్పదు.

ఆ బరువు ఎంతో తేల్చడమూ కష్టమే. 1953 నుంచి ఇప్పటిదాకా లెక్కపెడితే దాదాపు 30 చుట్లు. వాటిలో ఎల్‌నినో ఉన్నవి, లానినా ఉన్నవి, పెద్ద అగ్నిపర్వతాల తర్వాతివి అని విడదీస్తే ఒక్కో గుంపులో కొద్ది మాత్రమే మిగులుతాయి. అంత తక్కువ ఉదాహరణల్లో లేని సంబంధం కూడా ఉన్నట్టు కనిపించగలదు. కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన విలియం గ్రే 1984లో అట్లాంటిక్ హరికేన్లను ముందే అంచనా వేసే పద్ధతి మొదలుపెట్టినప్పుడు, ఎల్‌నినోతో పాటు క్యూబీఓను కూడా అందులో చేర్చారు. పడమటి గాలి ఏళ్ళలో హరికేన్లు ఎక్కువని అప్పటి లెక్కలు బలంగానే చెప్పాయి. కానీ తర్వాతి పాతికేళ్ళలో ఆ సంబంధం కనిపించకుండా పోయింది. అదే విశ్వవిద్యాలయం తన అంచనాల్లోంచి దాన్ని తీసేసింది. మన నైరుతి రుతుపవనాలకూ క్యూబీఓకూ మధ్య సంబంధం ఉందనే పరిశోధనలు 1980ల నుంచి వస్తున్నాయి. వాటిని చదివేటప్పుడు ఈ హరికేన్ల కథ మనసులో పెట్టుకోవడం మంచిది. ఈ ఏడాది తూర్పు గాలి ఉంది కాబట్టి తెలంగాణలో వానలు ఇంత అని చెప్పగలిగే స్థితి లేదు.

ఉష్ణమండలంలో ఇప్పుడు అందరి చూపూ ఉన్నది ఇంకో సంబంధం మీద. హిందూ మహాసముద్రంలో పుట్టి, 30 నుంచి 60 రోజుల్లో తూర్పుకు కదిలిపోయే ఒక భారీ మేఘాల గుంపు ఉంది. దాన్ని మ్యాడెన్-జూలియన్ ఆసిలేషన్, చిన్నగా ఎంజేఓ అంటారు. ఆ గుంపు హిందూ మహాసముద్రం మీద ఉన్న రోజుల్లో బంగాళాఖాతంలో అల్పపీడనాలకు అనువైన వాతావరణం ఏర్పడుతుంది. అందుకే ఈశాన్య రుతుపవనాల కాలంలో నెల్లూరు, తిరుపతి ప్రాంతాల వానల గురించి చెప్పేవాళ్ళు ఎంజేఓ ఎక్కడుందని ముందు చూస్తారు. 2016లో కొరియా శాస్త్రజ్ఞులు ఒక విషయం చూపించారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, 50 హెక్టోపాస్కళ్ళ దగ్గర తూర్పు గాలి ఉన్న ఏళ్ళలో ఎంజేఓ స్పష్టంగా బలపడుతోంది, ఎక్కువ కాలం నిలుస్తోంది. దాన్ని ముందే పసిగట్టే గడువు కూడా ఆ ఏళ్ళలో కొన్ని రోజులు పెరుగుతోంది. శీతాకాలపు ఎంజేఓ బలం ఏడాదికీ ఏడాదికీ మధ్య మారడంలో 40 శాతం దాకా క్యూబీఓ లెక్కలో పడుతుందని తేలింది. ఎల్‌నినో వాటా కూడా అంత లేదు.

దీనికి చెప్పే కారణం చలి. తూర్పు గాలి దిగుతున్నప్పుడు దానికి జతగా భూమధ్యరేఖ పైన గాలి అదనంగా కొంచెం పైకి లేస్తుంది. లేచే గాలి చల్లబడుతుంది. దాంతో మేఘాల పైకప్పు ఉండే 16, 17 కిలోమీటర్ల దగ్గర ఉష్ణోగ్రత ఒక డిగ్రీ లోపున తగ్గుతుంది. పైన చల్లబడితే మూత వదులైనట్టు. పెద్ద మేఘాలు ఇంకాస్త పైకి పోగలవు, వాటి పైన పలచని మంచుమేఘాలు ఎక్కువ పరుచుకుని కింది వేడిని పట్టి ఉంచుతాయి. వినడానికి బాగుంది. కానీ ఇందులో ఒక ముడి విడలేదు. కంప్యూటర్ నమూనాల్లో క్యూబీఓనూ ఎంజేఓనూ సరిగానే పుట్టించినా, వాటి మధ్య ఈ బంధం చాలావరకు కనిపించదు. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ అది ఎందుకు ఉండదో ఎవరూ తృప్తిగా చెప్పలేదు. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే సంగతి, 1980కి ముందటి రికార్డులో ఈ బంధం లేకపోవడం. గ్రే చూసిన సంబంధం 1980ల తర్వాత మాయమైంది, ఇది ఆ కాలం నుంచే కనిపిస్తోంది.

అది నిజమైన మార్పా, లేక కొద్ది ఉదాహరణలు ఆడించిన ఆటా అన్నది తేలడానికి కాలమే కావాలి. ఒకవైపు వాదన ఏమిటంటే, గ్రీన్‌హౌస్ వాయువులు పెరిగి స్ట్రాటో ఆవరణం చల్లబడటంతో మేఘాల పైకప్పు దగ్గర పరిస్థితి మారిందని, అందుకే ఒక డిగ్రీ లోపు తేడా కూడా ఇప్పుడు పట్టుకుంటోందని. అది సరైతే రాబోయే తూర్పు గాలి శీతాకాలాల్లో కూడా ఎంజేఓ బలంగా ఉండాలి. తనిఖీ చేయడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. కాంటన్ దీవిలో మొదలై, 1967 నుంచి మాల్దీవుల్లోని గాన్‌కు, 1976 నుంచి సింగపూర్‌కు మారిన బెలూన్ రికార్డును బెర్లిన్‌లో ఒకే పట్టికగా కూర్చారు. నెలకొక వరుస, ఎత్తుకొక అంకె. అంకె ముందు మైనస్ గుర్తు ఉంటే తూర్పు గాలి, లేకపోతే పడమటి గాలి. నవంబరు వరుసలో 50 హెక్టోపాస్కళ్ళ అంకెకు మైనస్ ఉందో లేదో చూసి, ఆ డిసెంబరు, జనవరి నెలల్లో హిందూ మహాసముద్రం మీది మేఘాలు ఎలా కదిలాయో రాసుకుంటూ పోవాలి. 28 నెలలకు ఒక చుట్టు గనుక, పదేళ్ళలో మహా అయితే నాలుగైదు తూర్పు గాలి శీతాకాలాలు దొరుకుతాయి.